మేనేజర్ చదివినా ఇబ్బంది లేని మెయిల్

ఐటీ కంపెనీల్లో ఖాళీలను లోపలి ఉద్యోగులకు చూపించే పద్ధతిని ఐజేపీ అంటారు. రాజీనామా చేయకుండానే కొత్త పనిలోకి మారే దారి ఇది. చిక్కు ఎక్కడొస్తుందంటే, కొన్ని కంపెనీల్లో పోర్టల్‌లో అప్లై నొక్కగానే మేనేజర్‌కు దానంతటదే సమాచారం వెళ్తుంది. మరికొన్నిచోట్ల ఇంటర్వ్యూ దశలోనో, ఎంపికయ్యాకో తెలుస్తుంది. అందుకే అప్లై నొక్కే ముందే రిక్రూటర్‌ను అడగాలి.

హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో రెండేళ్లుగా టెస్టింగ్ చేస్తున్న అమ్మాయికి తన కంపెనీలోనే క్లౌడ్ టీమ్‌లో ఖాళీ కనిపించిందనుకుందాం. ఆమె మెయిల్ ఇలా ఉండొచ్చు:

“నమస్కారం. క్లౌడ్ టీమ్‌లోని ఈ పోస్టు గురించి రాస్తున్నాను. ప్రస్తుత ప్రాజెక్టులో నాకు రెండేళ్లు నిండాయి. ఆటోమేషన్ పని చేస్తూనే క్లౌడ్ సర్టిఫికేషన్ పూర్తిచేశాను. ఇంకా అప్లై చేయలేదు. నాకు అర్హత ఉందా, మా మేనేజర్‌కు ఏ దశలో సమాచారం వెళ్తుంది అన్నవి తెలుసుకోవాలి. ఆయనకు ఈ మాట నేనే చెప్పాలనుకుంటున్నాను. అందాకా ఆయనతో ప్రస్తావించకుండా ఉండగలరా? ఎంపికైతే రిలీజ్ తేదీ ఆయనతో మాట్లాడే ఖరారు చేసుకుంటాను.”

ఇందులో ప్రస్తుత టీమ్ మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ‘ఇక్కడ ఎదుగుదల లేదు’ అని రాస్తే, రిలీజ్ గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట మేనేజర్ దాకా వెళ్లొచ్చు. రిక్రూటర్ కంపెనీ తరఫు మనిషి. గోప్యత పాటించమని అడగవచ్చు గానీ, నిబంధన దాటి పాటిస్తారని ఆశించకూడదు.

చివరి వాక్యానికీ కారణముంది. మనిషి వెళ్లిపోతున్నాడంటే మేనేజర్‌కు ముందు గుర్తొచ్చేది క్లయింట్. ఆ సీటుకు బిల్లింగ్ ఆగకూడదు, మరొకరు దొరకాలి, వాళ్లు పని నేర్చుకోవాలి. ‘వచ్చే నెల ఒకటిన చేరతాను’ అని రిక్రూటర్‌కు ముందే మాటిచ్చేస్తే ఆయనకు కోపం రావడం సహజం. రిలీజ్‌కు కొన్ని వారాలు పట్టవచ్చు, క్లయింట్ ఒప్పుకోకపోతే ఇంకా ఆలస్యం కావచ్చు.

సబ్జెక్ట్ లైన్‌లో ‘ట్రాన్స్‌ఫర్ కావాలి’ అని పెట్టకండి. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడు జవాబు తాలూకు నోటిఫికేషన్ అందరి కంటా పడవచ్చు. జాబ్ నంబరు చాలు. కొత్త టీమ్ మేనేజర్‌కు నేరుగా మెసేజ్ పెట్టేముందు కూడా ఆలోచించండి. ఆయన వెంటనే మీ మేనేజర్‌నే వాకబు చేయవచ్చు.

రిక్రూటర్ జవాబు రాగానే, ఇంటర్వ్యూ ఖరారు కాకముందే, మేనేజర్‌తో విడిగా కూర్చుని చెప్పండి. అప్లై చేయడానికే ఆయన అనుమతి కావాలన్నది నిబంధనైతే ఆ మాట ఇంకా ముందే జరగాలి. బదిలీ అడిగినందుకు కంటే, ఆ సంగతి మూడో మనిషి ద్వారా తెలిసినందుకే మేనేజర్లు ఎక్కువగా నొచ్చుకుంటారు.