లాగిన్ గూగుల్‌ది, కామెంట్ ఎక్కడిది?

ఎప్పుడో ఎన్నికల వేడిలో ఒక న్యూస్ సైట్‌లో వార్త కింద నాలుగు ఘాటు మాటలు రాశారు. కొత్తగా అకౌంట్ తెరిచే ఓపిక లేక గూగుల్ బటన్ నొక్కి లోపలికి వెళ్లారు. ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ నెట్‌లో సొంత పేరు కొట్టి చూస్తే ఆ మాటలే పైకి తేలుతున్నాయి. చాలామంది వెంటనే గూగుల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ సైట్‌కు ఇచ్చిన అనుమతి తీసేస్తారు. కొందరైతే ఏకంగా ఫేస్‌బుక్ అకౌంటే మూసేస్తారు. కామెంట్ మాత్రం చెక్కుచెదరదు. పైగా లాగిన్‌కు వాడిన అకౌంటే మూసేస్తే, దాన్ని తీసేయడానికి ఉన్న సులువైన దారి కాస్తా మూసుకుపోతుంది.

ఆ బటన్ నొక్కినప్పుడు గూగుల్ చేసే పని చిన్నది. ఈ మనిషి ఫలానా అని సైట్‌కు చెబుతుంది. దాంతోపాటు మీ పేరు, మెయిల్, ఫొటో, మిమ్మల్ని గుర్తుపట్టే ఒక నంబరు వెళ్తాయి. వాటితో సైట్ తన దగ్గర మీ పేరిట అకౌంట్ రాసుకుంటుంది. మీరు టైపు చేసిన కామెంట్ గూగుల్ దాకా పోనే పోదు. లాడ్జిలో ఆధార్ చూపించి గది తీసుకున్నాం కదా అని, ఆ రిజిస్టర్‌లో పేరు కొట్టేయమని ఆధార్ కేంద్రానికి వెళ్తామా?

మరి ఆ రిజిస్టర్ ఎవరి దగ్గరుంది? న్యూస్ సైట్ దగ్గరే అనుకుంటాం గానీ, అన్నిసార్లూ కాదు. కామెంట్ల పనిని వేరే కంపెనీకి అప్పగించిన సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో బాగా తెలిసింది 2007లో మొదలైన డిస్కస్. తేల్చుకోవాలంటే కంప్యూటర్‌లో కామెంట్ల పెట్టె మీద రైట్ క్లిక్ చేసి Inspect నొక్కండి. చుట్టుపక్కల వరుసల్లో ఇలాంటిది కనిపిస్తే కామెంట్లు డిస్కస్ సర్వర్లలో ఉన్నట్టు:

```html
<iframe src="https://disqus.com/embed/comments/...">
```

బయటి కంపెనీ పేరేదీ లేకపోతే అది ఆ సైట్ సొంత ఏర్పాటే అయ్యుంటుంది.

మన ఉదాహరణలో డిస్కస్ అని తేలిందనుకుందాం. అప్పుడు గూగుల్ అనుమతి జోలికి పోకుండా, నాడు నొక్కిన గూగుల్ బటన్‌నే నొక్కి నేరుగా disqus.com లో లాగిన్ అవ్వాలి. మెయిల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో వెళ్తే మరో కొత్త అకౌంట్ తెరుచుకుని, అందులో కామెంట్లు ఏమీ కనిపించకపోవచ్చు. సరైన ప్రొఫైల్‌లోకి వెళ్తే వేర్వేరు సైట్లలో రాసినవన్నీ ఒకే చోట వరుసగా ఉంటాయి. రాసి మరిచిపోయినవీ బయటపడతాయి. అక్కడి నుంచి ఒక్కో వార్తకూ వెళ్లి, కామెంట్ మెనూలో Delete నొక్కాలి. దాని కింద ఎవరైనా జవాబు రాసి ఉంటే, మీ మాటలు పోయినా కామెంట్ తొలగించారన్న గుర్తు అక్కడే ఉంటుంది. మీ వాక్యాన్ని యథాతథంగా తమ జవాబులో ఎత్తి రాసిన వాళ్లుంటే, అది వాళ్ల కామెంట్ కాబట్టి దాన్ని మీరు తీయలేరు. ఇదంతా అయ్యాకే అకౌంట్ మూయడం, గూగుల్ అనుమతి రద్దు చేయడం. ముందే అకౌంట్ మూసేస్తే నొక్కడానికి Delete బటనే మిగలదు.

సైట్ సొంత ఏర్పాటైతే కథ వేరు. కొన్ని సైట్లలో పాఠకుడికి Delete బటనే ఇవ్వరు. అప్పుడు సైట్ అడుగున ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ చిరునామాకు, లాగిన్‌కు వాడిన మెయిల్ నుంచే రాయాలి. ఆ కామెంట్ మీదేనని చూపడానికి మీ దగ్గరున్న గట్టి ఆధారం ఆ మెయిలే. వార్త లింకు, కామెంట్ తేదీ, స్క్రీన్‌షాట్ జతచేయండి. డేటా రక్షణ చట్టం ఉంది కదా అని ధీమా పడకండి. 2023 నాటి మన చట్టం, మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన వ్యక్తిగత సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. అలా చూస్తే పదిమందికీ కనిపించేలా మీరే రాసిన కామెంట్‌కు ఆ చట్టం అక్కరకొస్తుందని చెప్పడం కష్టం. సైట్ లోపల దాచుకున్న మీ మెయిల్ చిరునామా సంగతి వేరు, అది బహిరంగమైంది కాదు.

సైట్‌లో కామెంట్ పోయాక కూడా గూగుల్ వెతుకులాటలో పాత వాక్యం ఇంకా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది గూగుల్ ముందెప్పుడో తీసుకున్న నకలు. Refresh Outdated Content అనే గూగుల్ పేజీలో ఆ వార్త లింకు ఇచ్చి, ఇప్పుడు ఆ పేజీలో లేని ఒక మాటను మీ కామెంట్‌లోంచి రాస్తే, గూగుల్ పేజీని మళ్లీ చూసి నకలు మారుస్తుంది. కామెంట్ సైట్‌లో ఇంకా ఉండగానే ఈ అర్జీ పెడితే తిప్పికొడుతుంది.