దుబాయ్ ట్రిప్: ఏ టైమ్ ఎక్కడిది?

ఉప్పల్, నాచారం నుంచి దుబాయ్ వెళ్తున్నారనుకోండి. టికెట్‌ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. 14వ తేదీ రాత్రి 10:30కి శంషాబాద్‌లో ఫ్లైట్ బయల్దేరితే, నాలుగు గంటల తర్వాత అక్కడ అర్ధరాత్రి దాటి 1:00, అంటే 15వ తేదీ. హోటల్ కూడా 15కే బుక్ చేస్తే మధ్యాహ్నం దాకా రూమ్ దొరక్కపోవచ్చు. నేనైతే 14 నుంచే బుక్ చేసి, లేటుగా వస్తామని ముందే మెసేజ్ పెడతా. లేదంటే రాలేదనుకుని రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు.

అసలు తిప్పలు కారుతోనే. పికప్ ఉదయం 10:00 అని ఇక్కడ కూర్చుని గూగుల్ క్యాలెండర్‌లో కొడితే, అది ఇండియా టైమ్‌గా సేవ్ అవుతుంది. అక్కడ దిగాక ఫోన్ 8:30 అని చూపిస్తుంది. అందుకే ఆ ఈవెంట్ టైమ్ జోన్‌ని Gulf Standard Time చేయండి. సరిగ్గా పడితే, ఉప్పల్‌లో ఉన్నప్పుడు అది 11:30 అని కనిపించాలి.