420కి అమ్మిన లీటరు నూనెలో మనకు మిగిలేదెంత? ప్లాట్‌ఫామ్ ఇన్వాయిస్‌ను బ్యాంకు జమతో కలిపి చూసే పద్ధతి

గానుగ నూనె, దేశీ బియ్యం, బెల్లం ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముతున్న రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కమీషన్ పది శాతమే అన్నారు. నెలలో పదహారు వేల ఎనిమిది వందల సరుకు పోయింది. బ్యాంకులో చూస్తే ఏడు వేల చిల్లరే ఉంది. మిగతాది ఎక్కడికి పోయినట్టు?" వీడియోలో దీన్ని స్క్రీన్ మీద చేసి చూపించాను. అంకెలు నింపాదిగా చూసుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను. ఫీజుల రేట్లు ప్లాట్‌ఫామ్‌ను బట్టి మారతాయి కాబట్టి నేను వేసినవి ఉదాహరణకే. లెక్క పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

ముందు ఒక్క ఆర్డర్‌ను విప్పి చూద్దాం

లీటరు వేరుశనగ గానుగ నూనె 420 రూపాయలకు పెట్టామనుకుందాం. నూనె మీద జీఎస్టీ 5 శాతం. అంటే 420లో సరుకు విలువ 400, పన్ను 20. ఆ 20 మనది కాదు, ప్రభుత్వానిది. కానీ ప్లాట్‌ఫామ్ కమీషన్ వేసేది ఎక్కువగా కొనేవాళ్లు కట్టిన మొత్తం 420 మీద. అందుకే పది శాతం అంటే 40 కాదు, 42.

దాని తర్వాత ఆర్డర్‌కు ఇంత అని ఒక ఫిక్స్‌డ్ ఫీజు ఉంటుంది, ఇక్కడ 20 వేద్దాం. షిప్పింగ్ 78 అనుకుందాం. మూడూ కలిపితే 140. ఈ 140 ప్లాట్‌ఫామ్ మనకు చేసిన సేవకు తీసుకునే రుసుము కాబట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అంటే 25.20. పది శాతం అనుకుని మొదలుపెడితే ఇక్కడికే 165.20 అయింది.

ఇంకో రెండు చిన్న కోతలు ఉంటాయి. ఒకటి జీఎస్టీ టీసీఎస్. 2024 జులై 10 నుంచి ఇది అర శాతం, పన్ను కలపని విలువ మీద, అంటే 2 రూపాయలు. రెండోది ఆదాయపు పన్ను టీడీఎస్. 2024 అక్టోబర్ 1 నుంచి ఇది 0.1 శాతం, అంటే 40 పైసలు. పాన్ ఇచ్చిన వ్యక్తిగత అమ్మకందారుకు ఒక ప్లాట్‌ఫామ్‌లో ఏడాది అమ్మకం 5 లక్షలు దాటకపోతే ఈ టీడీఎస్ కోత ఉండదు.

420లోంచి ఇవన్నీ తీసేస్తే మన ఖాతాకు వచ్చేది 252.40.

ఖాతాలో పడేది 252, లెక్కలో మనది 260

ఇక్కడే చాలామంది ఆగిపోయి "నాకు 252 మిగిలింది" అనుకుంటారు. ఆ 252లో ప్రభుత్వానికి కట్టాల్సిన 20 ఇంకా ఉంది. అదే సమయంలో మనకు తిరిగి రావాల్సినవీ ఉన్నాయి. ఫీజుల మీద కట్టిన 25.20 జీఎస్టీ మనకు ఇన్‌పుట్ క్రెడిట్. టీసీఎస్ 2 రూపాయలు, టీడీఎస్ 40 పైసలు కూడా మన పేరు మీద జమ అయినవే. 252.40లోంచి 20 తీసి ఈ మూడూ కలిపితే సరిగ్గా 260 వస్తుంది. ఇంకో దారిలో చూసినా అంతే, సరుకు విలువ 400లో ఫీజులు 140 పోతే 260.

ఈ 260 దక్కాలంటే మూడు పనులు జరగాలి. ప్లాట్‌ఫామ్ ఇచ్చిన ఇన్వాయిస్ మీద మీ జీఎస్టీ నంబర్ సరిగ్గా ఉండాలి. నంబర్ లేకపోయినా, ఒక అంకె తప్పినా ఆ క్రెడిట్ మీ GSTR-2B లోకి రాదు. రెండోది, టీసీఎస్ దానంతటదే మన చేతికి రాదు. జీఎస్టీ పోర్టల్‌లో రిటర్న్స్ డ్యాష్‌బోర్డ్ దగ్గర TDS and TCS credit received అనే గడి తెరిచి, ఒప్పుకుని ఫైల్ చేస్తేనే క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. ప్లాట్‌ఫామ్ ఆ వివరాలను తర్వాతి నెల 10వ తేదీ లోపు దాఖలు చేయాలి కాబట్టి ఆ తేదీ దాటాక చూడండి. మూడోది, టీడీఎస్‌ను ఏడాది చివర ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించుకోవాలి.

దీనికి ఒక హద్దు ఉంది. నూనె మీద మనం కట్టాల్సింది 20, ఫీజుల మీద వచ్చిన క్రెడిట్ 25.20. పైన మిగిలిన 5.20 నగదుగా రాదు, లెడ్జర్‌లో ఉండిపోతుంది. నేరుగా ఇళ్లకో, దుకాణాలకో బిల్లు వేసి అమ్మే సరుకు ఉంటే ఆ పన్నుకు సర్దుకోవచ్చు. అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే అయితే అది పేరుకుపోతూ ఉంటుంది. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు అసలు ఈ క్రెడిటే రాదు.

ఇన్వాయిస్ నెలది, జమ వారానిది

ఇక నెల లెక్కకు వద్దాం. నవంబర్‌లో 40 ఆర్డర్లు పంపాం, అందులో 3 వెనక్కి వచ్చాయి. నెల చివర ప్లాట్‌ఫామ్ ఇన్వాయిస్ ఇచ్చింది. మామూలు ఫీజులు 5,600, ఆరు పార్సిళ్లకు అదనపు బరువు పేరుతో 150, వెనక్కి తెచ్చిన మూడింటికి రిటర్న్ షిప్పింగ్ 255. మొత్తం 6,005, జీఎస్టీతో 7,085.90.

దీంతో పాటు ఒక క్రెడిట్ నోట్ కూడా ఉంటుంది. అది వేరే ఫైల్‌గా ఉంటుంది కాబట్టి చాలామంది డౌన్‌లోడ్ చేయరు. వెనక్కి వచ్చిన మూడు ఆర్డర్ల కమీషన్ అందులో తిరిగి ఇచ్చారు. 126 రూపాయలు, జీఎస్టీతో 148.68. ఫిక్స్‌డ్ ఫీజు, పంపినప్పటి షిప్పింగ్ మాత్రం తిరిగి రాలేదు. అంటే నికరంగా ఫీజు 6,937.22.

కొన్నవాళ్ల దగ్గర ఉండిపోయిన 37 సీసాల విలువ 15,540. అందులోంచి ఫీజులు, టీసీఎస్ 74, టీడీఎస్ 14.80 తీస్తే నవంబర్ ఆర్డర్లకు మనకు రావాల్సింది 8,513.98. కానీ నవంబర్‌లో బ్యాంకులో పడింది 7,402.78. తేడా 1,111.20.

ఈ తేడా చూసి ప్లాట్‌ఫామ్ మీద కోపం తెచ్చుకునే ముందు తేదీలు చూడాలి. మన ఉదాహరణలో ఇన్వాయిస్ నవంబర్ 1 నుంచి 30 వరకు పంపిన ఆర్డర్లది. డబ్బు వచ్చేది సరుకు అందిన కొన్ని రోజుల తర్వాత. నెలాఖరున పంపిన 8 ఆర్డర్ల డబ్బు, 2,019.20, డిసెంబర్‌లో పడుతుంది. అక్టోబర్ చివర పంపిన 5 ఆర్డర్ల డబ్బు, 1,262, నవంబర్‌లో పడింది. ఈ రెండూ సర్దితే నవంబర్‌లో 7,756.78 రావాలి. ఇంకా 354 తక్కువుంది.

ఆర్డర్ నంబర్ మీద కలిపితేనే దొరుకుతుంది

మొత్తాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ 354 ఎప్పటికీ దొరకదు. సెల్లర్ ప్యానెల్‌లో ఆర్డర్ రిపోర్ట్, పేమెంట్ రిపోర్ట్ రెండూ డౌన్‌లోడ్ చేసి ఒకే ఎక్సెల్ ఫైల్‌లో రెండు షీట్లుగా పెట్టండి. ఒకే ఆర్డర్‌కు పేమెంట్ రిపోర్ట్‌లో మూడు నాలుగు వరుసలు ఉండొచ్చు. అమ్మకం ఒక వారం, రిటర్న్ కోత ఇంకో వారం, బరువు తేడా మరో వారం వస్తుంటాయి. అందుకే ఆ ఆర్డర్‌వి అన్నీ కూడే ఫార్ములా వేయాలి. పేమెంట్ షీట్ పేరు Payout, అందులో ఆర్డర్ నంబర్ A వరుసలో, జమ అయిన మొత్తం F వరుసలో ఉంటే:

```
=SUMIF(Payout!A:A,A2,Payout!F:F)
```

ఎదురుగా 252.40 వస్తే ఆ ఆర్డర్ సరే. సున్నా వస్తే డబ్బు ఇంకా రాలేదు, డెలివరీ తేదీ చూడండి. మైనస్ వస్తే రిటర్న్. 222.90 వస్తే బరువు తేడా, ఎందుకంటే 25 రూపాయలకు జీఎస్టీ కలిపితే 29.50. నాలుగైదు వందల ఆర్డర్లున్నా తేడా ఉన్నవి ఇలా పక్కకు వచ్చేస్తాయి.

తర్వాత పేమెంట్ రిపోర్ట్‌లో ఆర్డర్ నంబర్ లేని వరుసలు చూడండి. మన 354 అక్కడే ఉంది. ప్రకటనలకు 300, దాని జీఎస్టీ 54. ప్రకటనల ఇన్వాయిస్ విడిగా వస్తుంది, డబ్బు మాత్రం మన జమలోంచే కోసేస్తారు. ఆ 54కు కూడా క్రెడిట్ ఉంటుంది కాబట్టి ఆ ఇన్వాయిస్ కూడా దింపుకోండి.

ఒక జాగ్రత్త. జీఎస్టీ రిటర్న్‌లో అమ్మకంగా చూపించాల్సింది బ్యాంకులో పడిన మొత్తం కాదు. 37 సీసాల విలువ 14,800, దాని మీద పన్ను 740. ప్లాట్‌ఫామ్ తన వైపు నుంచి అమ్మకాల విలువను ప్రభుత్వానికి చెబుతుంది. మనం జమ చూసి తక్కువ రాస్తే నోటీసు వస్తుంది.

బరువు తేడాలో తప్పు ఎవరిది?

ఆరు పార్సిళ్లకు 25 చొప్పున ఎక్కువ ఎందుకు వేశారు? లీటరు నూనె సుమారు 910 గ్రాములు, సీసా, పెట్టెతో 1.05 కిలో అవుతుంది. అర కిలోకు ఒక శ్లాబ్ కాబట్టి 1.5 కిలోల శ్లాబ్. కానీ కొరియర్ అసలు బరువుతో పాటు పెట్టె సైజు కూడా చూస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది సైజు బరువు. చాలా చోట్ల ఇదే లెక్క, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.

30×12×12 పెట్టె అయితే 0.86 కిలో, ఇబ్బంది లేదు. 32×16×17 పెట్టె అయితే 1.74 కిలో, అంటే 2 కిలోల శ్లాబ్‌లోకి పోతుంది. సీసా అదే, నూనె అదే. చిన్న పెట్టెలు అయిపోయిన రోజు పెద్ద పెట్టెలో నాలుగు పంపి ఉంటే ఆ నాలుగింటికి వేసింది న్యాయమే. మిగతా రెండూ చిన్న పెట్టెలోనే వెళ్లి ఉంటే 59 రూపాయలు తిరిగి అడగాలి. దానికి త్రాసు మీద బరువు, పక్కన టేపుతో కొలత, పార్సిల్ మీద లేబుల్ మూడూ కనిపించే ఫొటో కావాలి. అభ్యంతరం చెప్పడానికి ప్లాట్‌ఫామ్ కొద్ది రోజులే గడువు ఇస్తుంది. నెలాఖరు దాకా ఆగకుండా ప్రతి వారం జమ పడగానే చూడమనేది అందుకే.

ఈ లెక్కతో ధర ఎలా మారుతుంది?

గానుగలో లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా గింజలు పోతాయి. గింజలు కిలో వంద అనుకున్నా 250. చేతికి 260 వస్తే గానుగ కూలి, సీసా, పెట్టె అన్నీ ఆ 10 రూపాయల్లోంచీ చెక్క అమ్మిన డబ్బుల్లోంచీ రావాలి. ఒక్క రిటర్న్ వస్తే ఫిక్స్‌డ్ ఫీజు 20, పోను 78, రాను 85 కలిపి 183 పోతుంది. 420 ధర నిలబడదని ఈ లెక్కే చెబుతోంది.

ధర పెంచడం ఒక దారి. రెండు లీటర్లు ఒకే పెట్టెలో పెట్టి 840కి అమ్మడం ఇంకో దారి. కమీషన్ 84 అవుతుంది. ఫిక్స్‌డ్ ఫీజు మాత్రం అదే 20. రెండున్నర కిలోల శ్లాబ్‌కు షిప్పింగ్ 128. మొత్తం 232 పోగా సరుకు విలువ 800లో 568 మిగులుతుంది, లీటరుకు 284. అదే నూనె, అదే ధర, లీటరుకు 24 రూపాయలు ఎక్కువ. పోయిన నెల ఇన్వాయిస్ తీసి మీ రేట్లతో ఒక్క ఆర్డర్ ఇలా వేసి చూడండి. ఏ ప్యాక్ ఉంచాలో, ఏది తీసేయాలో తేలిపోతుంది.