సాయంత్రం దీపం వణక్కుండా: ష్మిట్ ట్రిగ్గర్ లెక్క

చీకటి పడగానే దానంతటదే వెలిగే దీపంలో వెలుతురును కనిపెట్టేది ఎల్‌డీఆర్. చీకటి పెరిగేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. ఆ మార్పును వోల్టేజీగా మార్చి, ఎల్‌ఎం393 లాంటి కంపారేటర్ మైనస్ పిన్‌కు ఇస్తాం. ప్లస్ పిన్ మీద 6 వోల్టుల హద్దు పెడతాం. వోల్టేజీ ఆ హద్దు దాటితే అవుట్‌పుట్ సున్నాకు పడి, దీపం వెలుగుతుంది.

చిక్కంతా మునిమాపు వేళే. ఎల్‌డీఆర్ వోల్టేజీ హద్దు దగ్గరే చాలాసేపు ఉంటుంది. ఓ మబ్బుతునక కదిలినా, తీగల్లో కాస్త రొద చేరినా అది హద్దుకు అటూ ఇటూ దాటుతుంది. రిలే టకటకా కొట్టుకుంటుంది.

దీనికి మందు ఒకే ఒక్క రెసిస్టర్. అవుట్‌పుట్ నుంచి ప్లస్ పిన్‌కు దాన్ని కలిపితే, అవుట్‌పుట్ మారగానే హద్దు కూడా జరుగుతుంది. ఇలా రెండు హద్దులు ఉండటమే హిస్టరిసిస్. అమెరికన్ శాస్త్రవేత్త ఒట్టో ష్మిట్ దీన్ని వాక్యూమ్ ట్యూబులతో చేసి 1938లో ప్రచురించారు. ఆయన పేరే ఈ సర్క్యూట్‌కు నిలిచింది.

12 వోల్టుల సప్లైతో లెక్క వేద్దాం. ప్లస్ పిన్ నుంచి సప్లైకి R1, గ్రౌండ్‌కు R2, రెండూ 10 కిలో ఓములు. అవుట్‌పుట్‌కు వెళ్లే R3 100 కిలో ఓములు. అవుట్‌పుట్ 12 వోల్టుల్లో ఉన్నప్పుడు R3 కూడా సప్లైకే కలిసినట్టు. అంటే R1కు సమాంతరంగా చేరి, రెండూ కలిపి 9.09 కిలో ఓములవుతాయి. అవుట్‌పుట్ సున్నాలో ఉంటే అదే R3 వెళ్లి R2 పక్కన చేరుతుంది.

```
పై హద్దు   = 12 × 10 / (10 + 9.09)   = 6.29 V
కింది హద్దు = 12 × 9.09 / (10 + 9.09) = 5.71 V
```

మధ్య ఎడం 0.57 వోల్టులు. ఎల్‌ఎం393 అవుట్‌పుట్ తనంతట తాను పైకి లేవదు, సప్లైకి ఒక పుల్-అప్ రెసిస్టర్ తప్పనిసరి. అది 4.7 కిలో ఓములైతే, అవుట్‌పుట్ పైన ఉన్నప్పుడు R3తో వరుసగా కలుస్తుంది కనుక పై హద్దు 6.27కు దిగుతుంది. ఈ తేడాను వదిలేయవచ్చు. పుల్-అప్ R3 అంత పెద్దదైతే మాత్రం వదిలేయలేం.

రొద ఆగినా దీపం ఇంకా వెలిగి ఆరుతూనే ఉంటే, దాని వెలుగే ఎల్‌డీఆర్ మీద పడుతోందేమో చూడాలి. చీకట్లో దీపాన్ని విడిగా వెలిగించి ఆర్పుతూ మైనస్ పిన్ వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలవాలి. వెలగగానే 0.8 వోల్టులు పడిపోతోందనుకుందాం. అప్పుడు మన 0.57 ఎడం చాలదు. ముందు ఎల్‌డీఆర్‌ను దీపానికి చాటు చేయాలి. వీలుకాకపోతే R3ని తగ్గించాలి.

```
ఎడం = 12 × 5 / (5 + R3)
```

ఇందులో 5 అనేది R1, R2 సమాంతర విలువ. R3 33 కిలో ఓములైతే ఎడం 1.58 వోల్టులు, హద్దులు 6.79, 5.21. 0.8ని ఇది తట్టుకుంటుంది. అలాగని R3ని 10 కిలో ఓములకు దించితే హద్దులు 8, 4 అవుతాయి. సాయంత్రం బాగా చీకటి పడితే గాని దీపం వెలగదు, పొద్దున బాగా వెలుతురు వచ్చాక గాని ఆరదు.