స్లాబ్‌ను మధ్యలో ఆపాల్సి వస్తే...

వరుసగా మూడు గదులు, నాలుగేసి మీటర్లకొక స్తంభం, స్తంభాల వరుసల మీద అడ్డంగా బీములు. రెండో గదిలోకి వచ్చేసరికి మిల్లర్ మొరాయించిందనుకుందాం. మిగతా పని రేపే. చాలామంది మేస్త్రీలు కాంక్రీటును అడ్డబీము దాకా లాక్కొచ్చి అక్కడ ఆపేస్తారు. కింద బీముంది కదా అన్న ధీమా. నిజానికి ఆపకూడని చోటు అదే.

స్తంభం నుంచి స్తంభానికి 4 మీటర్ల బీము, మీటరుకు 2 టన్నుల బరువు మోస్తోందనుకోండి. మొత్తం 8 టన్నులు, ఒక్కో కొసన 4. అంటే స్తంభం పక్కన కాంక్రీటును నిలువునా కోసే బలం 4 టన్నులు. మీటరు లోపలికి వస్తే 2 టన్నులు, నడిమధ్యన దాదాపు సున్నా. పాత, కొత్త కాంక్రీట్లు కలిసే గీత ఈ కోతకే లొంగుతుంది. మధ్యలో వంపు ఎక్కువే కానీ, అక్కడ కింది లాగుడును కడ్డీలు మోస్తాయి, పైభాగంలో రెండు ముఖాలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. అందుకే అతుకు గది మధ్య మూడో వంతులో రావాలి. సరిగ్గా అక్కడే మరో బీము వచ్చి ఆనితే మాత్రం, దాని వెడల్పుకు రెండింతలు పక్కకు జరపాలి. బాల్కనీ, సజ్జాలను మాత్రం మధ్యలో ఆపే మాటే వద్దు. వాటి మొదలు దగ్గరే వంపూ కోతా రెండూ ఎక్కువ.

చోటు కుదిరాక, కాంక్రీటును వాలుగా జారవిడిచి వదిలేయకూడదు. ఆ పలచని అంచు వైబ్రేటర్‌కు అందదు, ఎండకు పొడిబారి పెళుసవుతుంది. కడ్డీలు దూరేలా గాట్లు పెట్టిన చెక్కను నిలువుగా నిలిపి, దాని దాకా నింపి బాగా కుదించాలి.

కాంక్రీటు బిగుసుకోవడం మొదలయ్యాక చెక్క తీసి వైరు బ్రష్షుతో రుద్దితే పైకి తేలిన సిమెంటు పాలు పోయి కంకర తేలుతుంది. అప్పుడు ఐదు నిమిషాల పని. మర్నాటికి వదిలేస్తే ఉలి, సుత్తి పట్టాల్సిందే. ముఖం గరుకుగా ఉండాలి, వేలు రాస్తే పిండి అంటకూడదు. కడ్డీలకు ఎండి అంటుకున్న సిమెంటునూ గీకేయాలి. తర్వాత కడిగి, బాగా నాననిచ్చి, నిలిచిన నీరు తుడిచేయాలి. లోపల తడి, పైన ఆరినట్టు ఉంటే సరి. పొడి ముఖమైతే కొత్త కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది, నీళ్లు నిలిస్తే అతుకు దగ్గరే సిమెంటు పలచబడుతుంది. సిమెంటు పాలు పోసి గంటసేపు వదిలేసే అలవాటొకటి ఉంది. అది ఎండితే అతకదు సరికదా, పొరలా విడదీస్తుంది. కొత్త కాంక్రీటు పడ్డాక అతుకు వెంబడే వైబ్రేటర్ ఎక్కువ దించాలి.

సెంట్రింగ్ విప్పాక సన్నని తిన్నని గీత కనిపిస్తే భయం లేదు. కంకర తేలిన గుల్లలున్నా, పైన నీళ్లు కట్టినప్పుడు కింద చెమ్మ గీతలా దిగినా అతుకు సరిగా పడనట్టే. ఇంకో సంగతి: ఆ గదిలో సగం బీము ఇంకా గాల్లోనే ఉన్నట్టు లెక్క. కాబట్టి అక్కడి పోట్లు విప్పడానికి 14 రోజులను రెండోసారి పోసిన నాటి నుంచే లెక్కపెట్టాలి.