ముహూర్తం ఒక్కటే, ఫొటోగ్రాఫరూ ఒక్కడే

మాఘ మాసంలో మంచి ముహూర్తం పడిన రాత్రి విజయవాడలోనో, రాజమండ్రిలోనో కల్యాణ మండపాలన్నీ నిండిపోతాయి. ఆషాఢం, పుష్యం, మూఢం వచ్చాయంటే అవే మండపాలు వెలవెలబోతాయి. తెలుగు పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్ బతుకంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అతను అమ్మగలిగేది ఏడాదిలో కొన్ని ముహూర్తపు తేదీలే. కెమెరాలు ఎన్నయినా కొనవచ్చు, తేదీలను మాత్రం పెంచలేడు. ఆ కొద్ది తేదీలనూ తక్కువ రేటుకు ఇచ్చేస్తే, పని ఎంత ఎక్కువ చేసినా చేతికి మిగిలేది పెరగదు. మంచి ధర ఇచ్చే కుటుంబాలకు పని చేయాలనుకునే ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్ మొదట పట్టుకోవాల్సిన విషయం ఇదే.

కాగితం మీద లెక్క

ఉదాహరణకు ఒక ఫొటోగ్రాఫర్ ఏడాదికి 40 పెళ్లిళ్లు, ఒక్కోటి 70,000 రూపాయల ప్యాకేజీకి తీస్తున్నాడనుకుందాం. రెండో ఫొటోగ్రాఫర్‌కు, ఇద్దరు వీడియోగ్రాఫర్లకు కూలి 24,000. ఇరుపక్షాలకూ ఆల్బమ్‌లు 14,000. డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ 10,000. ప్రయాణం, హార్డ్‌డిస్కులు 4,000. మొత్తం 52,000 పోతే పెళ్లికి 18,000 మిగులుతుంది. అంటే 40 పెళ్లిళ్లకు 7,20,000. ఇందులోనే గది అద్దె, కెమెరా రిపేర్లు, రెండు మూడేళ్లకోసారి కొత్త బాడీ కొనడానికి దాచే సొమ్ము కలిపి 3 లక్షలు తీసేస్తే నెలకు 35,000 చేతికొస్తుంది.

అదే మనిషి పెళ్లికి 1,75,000 తీసుకుని, నమ్మకమైన జట్టుకు, మేలైన ఆల్బమ్‌కు, తీరిగ్గా చేసే ఎడిటింగ్‌కు 95,000 ఖర్చుపెట్టినా 80,000 మిగులుతుంది. నలభై పెళ్లిళ్లు ఇచ్చిన 7,20,000 తొమ్మిది పెళ్లిళ్లకే వచ్చేస్తుంది. పదిహేను చేస్తే 12 లక్షలు. ఈ అంకెలు ఊరిని బట్టి, పనిని బట్టి మారతాయి. మీ ఖర్చులు మీరే రాసుకుని చూడండి. ప్రశ్న మాత్రం ఎక్కడైనా ఒకటే: ఆ తొమ్మిది కుటుంబాలు ఎందుకు వస్తాయి?

డబ్బున్నవాళ్ల భయం ఏమిటి?

ఎక్కువ ధర ఇచ్చే కుటుంబం పెద్ద కెమెరా చూసి ఇవ్వదు. వాళ్లకు కొన్ని భయాలుంటాయి. వాటిని ముందే తీర్చగలిగినవాడికి ఇస్తారు. అన్నింటికన్నా పెద్ద భయం, మాట్లాడిన మనిషి పెళ్లికి రాకపోవడం. బల్క్‌గా బుకింగులు తీసుకునేవాళ్లు మంచి ముహూర్తం రోజున మూడు పెళ్లిళ్లు ఒప్పుకుని, ఒకదానికి తాము వెళ్లి, మిగతా రెండింటికీ రోజుకూలి మీద కుర్రాళ్లను పంపుతారు. ఆ కుర్రాళ్లకు పెళ్లికూతురి నానమ్మ ఎవరో, మేనమామ ఎవరో తెలియదు. ఆల్బమ్ వచ్చాక నానమ్మ ఫొటో ఒక్కటీ లేదని ఇంట్లో గొడవ మొదలవుతుంది.

రెండోది, ఆల్బమ్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. మూడోది, పెళ్లి తంతు కెమెరాల మధ్య నలిగిపోవడం. మండపం చుట్టూ నిలబడిన ఫొటోగ్రాఫర్ల వీపులు తప్ప అతిథులకు పెళ్లి కనిపించని సందర్భాలు మనందరం చూసినవే.

ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని దాన్నే తన పేరుగా నిలబెట్టుకోవడమే బ్రాండ్ వ్యూహం. అన్నీ తీస్తాను, అన్ని స్టైళ్లూ వచ్చు అనేవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. మన ప్రాంతంలో బాగా నిలబడగల పేరు ఒకటుంది: పెళ్లి తంతు తెలిసినవాడు, దానికి అడ్డురాకుండా తీసేవాడు.

జీలకర్ర బెల్లం దగ్గర

ఆ పేరు ఎలా వస్తుందో ఒక్క క్షణాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. సుముహూర్తానికి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, గట్టిమేళం మోగుతుంది, తెర తొలగుతుంది, చూపులు కలుస్తాయి. అంతలోనే అక్షింతలు పడతాయి, పెద్దలు ముందుకు వంగుతారు, అడ్డంగా చేతులు వస్తాయి. ఫొటోకు దొరికేది కొద్ది సెకన్లే. తంతు తెలియని ఫొటోగ్రాఫర్ ఎదురుగా నిలబడి తెరను, తలలను తీస్తాడు. అది పోయాక "మళ్లీ ఒకసారి చెయ్యి పెట్టండి" అంటాడు. సుముహూర్తం మళ్లీ రాదు.

తెలిసినవాడు ముందే పురోహితుడి దగ్గరికి వెళ్లి, "పంతులుగారూ, సుముహూర్తం ఎన్నింటికి? తెర ఎటు తీస్తారు?" అని అడుగుతాడు. తను తెర అంచు పక్కన ఉండి రెండు ముఖాలూ కనిపించేలా చూసుకుంటాడు. రెండో మనిషిని అమ్మాయి తల్లిదండ్రుల ముఖాలు దొరికే చోట ఉంచుతాడు. వీడియో లైటు పెళ్లికూతురి కళ్లలో పడకుండా పక్కకు పెట్టిస్తాడు. జట్టంతా వంగి ఉంటుంది కాబట్టి అతిథులకు పెళ్లి కనిపిస్తుంది. ఆ రాత్రి పెళ్లికొచ్చిన వాళ్లలో వచ్చే ఏడాది పెళ్లి చేయబోయే తండ్రి ఒకరుంటారు. ఆయన గమనించేది ఫొటో కంటే ముందు ఈ నడవడికనే.

చూపించేది తగ్గించాలి

నలభై పెళ్లిళ్లలోంచి ఏరిన ఇరవై మంచి ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. వాటిని చూసి ధర పెంచమంటే ఎవరూ ఒప్పుకోరు. గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఒకే పెళ్లి ఫొటోలు 80 వరకు వరుసగా చూపించండి. మధ్యలో నీరసపడకుండా కథ సాగితే, తమ ఇంటి పెళ్లి కూడా ఇలాగే వస్తుందని వాళ్లకు నమ్మకం కుదురుతుంది. అలాంటి పెళ్లిళ్లు మూడు, చేత్తో పట్టుకుని తిప్పి చూసే ఆల్బమ్ ఒకటి ఉంటే మొదలుపెట్టడానికి చాలు. పుట్టినరోజులు, షాపు ప్రారంభోత్సవాలు, పండగ ఆఫర్ల పోస్టర్లు ఆ పేజీలోంచి తీసేయాలి. ఏది చూపిస్తే దాన్ని అడిగేవాళ్లే వస్తారు.

ఇక్కడ చట్టం కూడా తెలిసుండాలి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. అందుకే మీ పేజీలో పెట్టుకునేందుకు అనుమతిని బుకింగ్ నాడే రాయించుకోవాలి. మా ఫొటోలు బయట పెట్టొద్దనే కుటుంబాలు ఉంటాయి. ఆ మాటకు కట్టుబడటమూ పేరు తెచ్చేదే.

పెళ్లిళ్లు ఎక్కువగా చేతులు మారే దారి మేకప్ ఆర్టిస్టులు, డెకరేటర్లు, మండపం మేనేజర్లు. వాళ్లకు కమిషన్ ఆశ చూపేకంటే, పెళ్లి అయిన వారంలోగా వాళ్ల పనితనం కనిపించే ఐదు ఫొటోలు, ఆ కుటుంబం ఒప్పుకున్నవే, పంపించండి. పూలజడను దగ్గరగా తీసిన మంచి ఫొటో మేకప్ ఆర్టిస్టుకు ఎంతో పనికొస్తుంది. ఆమె అది చూపించిన ప్రతిచోటా మీ పేరు వస్తుంది.

"ప్యాకేజీ ఎంత బాబూ?"

ఫోన్ చేసేవాళ్ల మొదటి మాట ఇదే. వెంటనే రేటు కార్డు పంపేస్తే అది పది మంది రేట్ల మధ్య ఒక అంకెగా మిగులుతుంది. అలాగని ధర దాచి తిప్పించుకోవడమూ తప్పే. "పెళ్లి ఎప్పుడండీ? ముహూర్తం రాత్రా, పగలా? ఎక్కడ చేస్తున్నారు?" అని అడిగి, "ఆ రోజు ఒక్క పెళ్లే తీస్తాను, నేనే వస్తాను. మా దగ్గర 1,75,000 నుంచి మొదలండీ, జీఎస్టీ అదనం" అని మర్యాదగా చెప్పేయాలి. భరించలేనివాళ్లు అక్కడే ఆగుతారు, ఇద్దరికీ సమయం మిగులుతుంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే సేవలకు జీఎస్టీ నమోదు తప్పదు, ఫొటోగ్రఫీపై 18 శాతం పడుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే చివర్లో మనస్పర్థలు వస్తాయి.

"కొంచెం తగ్గించు" అన్నప్పుడు రేటు ముట్టుకోకుండా పని తగ్గించాలి. "సంగీత్ వద్దనుకుంటే ఇంత తగ్గుతుందండీ, పెళ్లి మాత్రం ఇలాగే తీస్తాను" అనాలి. ఊరికే తగ్గించిన రేటు బంధువులందరికీ తెలుస్తుంది. వాళ్ల ద్వారా వచ్చే తర్వాతి నాలుగు పెళ్లిళ్లూ ఆ రేటు దగ్గరే మొదలవుతాయి.

ఒప్పందం ఒక్క పేజీ చాలు. ఎవరు వస్తారు, ఒకవేళ జబ్బుపడితే బదులు వచ్చేదెవరు, తేదీ ఖాయం చేసే అడ్వాన్స్ ఎంత, పెళ్లి రోజుకు ఎంత కట్టాలి, ఫొటోలు ఎన్ని వారాల్లో ఇస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. బాకీ ఎక్కువగా ఇరుక్కునేది ఆల్బమ్ సెలెక్షన్ దగ్గరే. వేల ఫొటోలు ఇచ్చి ఎంచుకోమంటే ఇంట్లోవాళ్లకు నెలలు పడుతుంది. మీరే ఆల్బమ్ వరుస కూర్చి పంపి, మార్పులు చెప్పమంటే వారాల్లో తేలిపోతుంది. ఆల్బమ్ చేతికిచ్చేటప్పటికి రావాల్సింది చిన్న మొత్తమే ఉండేలా వాయిదాలు రాసుకోవాలి.

మారే ఏడాది

పాత పని ఒక్కసారిగా మానేస్తే ఇల్లు గడవదు. మొదటి సీజన్‌లో మంచి ముహూర్తాలు కొన్ని కొత్త ధరకే అని పక్కన పెట్టి, దగ్గర పడేదాకా పాత రేటుకు ఇవ్వకుండా ఆగాలి. అప్పటికీ ఖాళీగా ఉంటే ఆ రోజు వేరే స్టూడియోకు రోజుకూలి మీద వెళ్లడం నయం. చేతికి డబ్బొస్తుంది, మీ పేరు మీద పాత రేటు మాత్రం పడదు. అక్కడ తీసిన ఫొటోలు మాత్రం ఆ స్టూడియో, ఆ కుటుంబం ఒప్పుకోకుండా వాడుకోకూడదు.

ఈ దారికి హద్దులున్నాయి. ఏడాదికి ఒకటి రెండు పెద్ద పెళ్లిళ్లే జరిగే చిన్న పట్టణంలో పదిహేను కుటుంబాలు దొరకవు. చుట్టుపక్కల జిల్లాలకు, హైదరాబాద్‌కు, అమెరికాలో ఉంటూ ఇక్కడ పెళ్లి చేసే కుటుంబాలకు చేరగలగాలి. పనితనం ఇంకా ఆ స్థాయికి రాకపోతే ధర పెంచడం వల్ల పేరు పోతుంది. అది తెలుసుకోవడానికి ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ఫోనూ ఎవరి ద్వారా వచ్చింది, మొదటి ప్రశ్న ఏమిటి, ఎందుకు ఆగిపోయింది రాయండి. ధర వినగానే అందరూ ఒప్పుకుంటుంటే అది తక్కువని అర్థం. పూర్తి పెళ్లి ఫొటోలు చూశాక కూడా అందరూ వెనక్కి వెళ్తుంటే లోపం పనిలో ఉంది. చూడకముందే వెళ్తుంటే మీరు చేరుతున్న మనుషులే వేరు. "ఎంత" అని కాకుండా "ఫలానా వాళ్ల పెళ్లి తీసింది మీరేనట కదా, మా తేదీ ఖాళీగా ఉందా?" అని మొదలయ్యే ఫోన్లు ఆ పుస్తకంలో పెరుగుతుంటే, వచ్చే సీజన్‌కు పాత రేటు తేదీలను ధైర్యంగా మూసేయవచ్చు.