‘చచ్చిపోయారు’ అని రాశాను

ఫస్టియర్‌లో మా రూమ్మేట్ వాళ్ల తాతయ్య పోయారు. వాడు ఊరెళ్లిపోయాడు. ఇలాంటప్పుడు ఇంగ్లీషులో రాస్తే ఎవరో పరాయివాళ్లు పంపినట్టు ఉంటుందనిపించి తెలుగులో మెసేజ్ పెట్టాను: “మీ తాతయ్యగారు చచ్చిపోయారని తెలిసి చాలా బాధపడ్డాను.” రిప్లై లేదు. వారం తర్వాత తిరిగొచ్చి చెప్పాడు, ఆ మెసేజ్ వాళ్ల నాన్నగారు చూశారట. “మీ ఫ్రెండుకి మా నాన్న మీద కోపమేమన్నా ఉందా?” అని అడిగారట.

నా బుర్రలో ఇంగ్లీషు ‘డై’కి తెలుగు ‘చచ్చిపోవడం’. పైథాన్ డిక్షనరీలో లాగా ఒక కీ, ఒక వాల్యూ. అర్థం వరకు అది తప్పు కాదు. చచ్చారు, చనిపోయారు, పోయారు, కాలం చేశారు, కన్నుమూశారు... అన్నిటికీ ప్రాణం పోయిందనే అర్థం. నిఘంటువు ఇచ్చే ఈ అర్థమే డినొటేషన్, మన వాచ్యార్థం. మాట తనతోపాటు మోసుకొచ్చే మర్యాద, ప్రేమ, చీదరింపు కానొటేషన్. నేను దీన్ని ఛాయ అంటాను.

ఛాయ ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట రోజూ ఎవరి పక్కన తిరుగుతుందో అక్కడి నుంచి. ‘చచ్చు’ని మనం దోమకి, పాముకి వాడతాం. “చచ్చినట్టు చేస్తావు”, “చస్తే రాను”, “చచ్చు సలహా” అంటాం. అన్నీ విసుగో తిట్టో. ఆ మరకలన్నీ తాతయ్యగారికి అంటాయి. నేను ‘గారు’ పెట్టాను, ‘చచ్చిపోయాడు’ అనకుండా ‘చచ్చిపోయారు’ అన్నాను. కానీ చివర తగిలించిన మర్యాద ధాతువులో ఉన్న మరకని కడగలేదు. ‘చనిపోవు’ వేరు. పాత తెలుగులో ‘చను’ అంటే వెళ్లడం. వెళ్లిపోయారు అనడంలో తిట్టేముంది?

ఛాయ తెలుసుకోవడానికి నేను కనిపెట్టుకున్న చిట్కా ఒకటుంది. అదే వాక్యంలో మనిషిని మార్చి చూడటం. “దోమ కన్నుమూసింది” అనండి, నవ్వొస్తుంది. “మూడేళ్ల పాప కాలం చేసింది” అనండి, చెవికి తప్పుగా తగులుతుంది, ఎందుకంటే అది పెద్దవాళ్లకి వాడే మాట. ‘పరమపదించారు’లో వైష్ణవం ఉంది, ‘శివైక్యం చెందారు’లో శైవం ఉంది. వాక్యం ఎక్కడ విరిగితే అక్కడ ఛాయ బయటపడుతుంది.

మర్యాద ఒక్కటే కాదు, పక్షం కూడా ఇందులోనే దాక్కుంటుంది. ఒకే కాల్పుల గురించి “ముగ్గురు మృతి”, “ముగ్గురు హతం”, “ముగ్గురు అమరులయ్యారు” అని మూడు హెడ్డింగులు ఊహించుకోండి. లెక్క మారలేదు. కానీ రాసినవాళ్లు ఎటు నిలబడ్డారో రెండోదాంట్లో, మూడోదాంట్లో వెంటనే తెలిసిపోతుంది. మొదటిది చాలావరకు తటస్థం. వార్తల్లో ‘మృతి’ అంతగా కనిపించడానికి అదొక కారణం అనుకుంటా.

అలాగని ఛాయని పక్కాగా టేబుల్ వేసి పెట్టుకోలేం. ఎవరు, ఎవరి గురించి అంటున్నారన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. “నవ్వలేక చచ్చాం” అంటే ఎవరికీ ఏమీ కాలేదు. మా నానమ్మ “నేను చచ్చాక ఈ బీరువా నీదేరా” అంటే అందులో బోలెడు ప్రేమ. “నువ్వు చచ్చాకా, నానమ్మా?” అని నేను తిరిగి అడిగితే మాత్రం వంటింట్లోంచి అమ్మ గరిటెతో వస్తుంది.